తొంభై నాలుగు వేల డాలర్లున్న మనిషి అప్పు ఎందుకు అడిగాడు

మా బావమరిది ఫోన్ చేసి అప్పు అడిగాడు. అప్పు అడగడం కొత్తేమీ కాదు. అడిగిన మొత్తమే వింతగా ఉంది.

"బావా, తొమ్మిది వేల నాలుగు వందల ముప్ఫై డాలర్లు సర్దగలవా? ఎల్లుండికల్లా ఇచ్చేస్తా. నా దగ్గర తొంభై నాలుగు వేలున్నాయి. అవి బయటికి తీయాలంటే ఇది కట్టాలి, అంతే."

అప్పు అడిగేవాళ్లు మామూలుగా ఏ పదివేలో అని గుండుసున్నాలతో అడుగుతారు. ముప్ఫై దాకా లెక్క చెప్పారంటే ఆ లెక్క ఎవరో కట్టి చేతిలో పెట్టారన్నమాట. నా ఉద్యోగం ఆడిటింగ్. ఒక కంపెనీ "మా ఖాతాలో ఇంత ఉంది" అని చూపిస్తే దాన్ని చూసి తలూపకుండా, నేరుగా బ్యాంకుకే రాసి అడగడం మా పని. అందుకని మావాడిని ఫోన్‌లో ఏమీ అనకుండా ల్యాప్‌టాప్ పట్టుకుని రమ్మన్నాను.

వచ్చాడు. క్రిప్టో ట్రేడింగ్ సైట్ తెరిచి చూపించాడు. చూడ్డానికి చక్కగా ఉంది. నల్లటి తెర, కదిలే చార్టు, కుడివైపు కొనుగోళ్లూ అమ్మకాలూ చకచకా పడుతున్నాయి. పైన 94,300 యూఎస్‌డీటీ అని ఆకుపచ్చ అంకెల్లో ఉంది. యూఎస్‌డీటీ అంటే టెథర్, ఒక్కోటి ఒక డాలరు విలువకు కట్టేసిన క్రిప్టో నాణెం. నకిలీ ట్రేడింగ్ సైట్ల మోసాల్లో డబ్బు ఎక్కువగా దీంట్లోనే నడుస్తుంది.

మావాడి కథ క్లుప్తంగా ఇదీ. చాటింగ్‌లో పరిచయమైన ఒకాయన ఈ సైట్ చూపించాడు. మొదట 500 వేశాడు. నాలుగు రోజుల్లో అది 640 అయింది. 100 వెనక్కి తీసి చూశాడు, అరగంటలో వాలెట్‌లో పడింది. ఆ ధైర్యంతో 4,500 వేశాడు, తర్వాత పొదుపంతా ఊడ్చి 15,000 వేశాడు. అంటే మొత్తం 20,000. నెలన్నరకల్లా తెర మీద 94,300. తీద్దామని అడిగితే, లాభం మీద 20 శాతం పన్ను ముందు కట్టాలన్నారు. లాభం 74,400 కాబట్టి పన్ను 14,880. ఆ మాట విని, నాకు చెప్పకుండా, వేరేచోట అప్పు తెచ్చి కట్టేశాడు. ఇప్పుడేమో "రిస్క్ డిపాజిట్" కింద బ్యాలెన్స్‌లో పది శాతం అడుగుతున్నారు. అదే ఆ 9,430.

ఇదంతా చెప్పాక నా మొహం చూసి, నేను నోరు విప్పకముందే అన్నాడు: "మోసమైతే మొదట్లో వంద ఎందుకిస్తారు బావా? నేను టెస్ట్ చేశాకే కదా పెట్టింది!"

ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. "పెద్ద మొత్తం పెట్టే ముందు కొంచెం వెనక్కి తీసి చూడండి" అనే సలహా చాలామంది ఇస్తుంటారు. మంచి మనసుతోనే ఇస్తారు. కానీ ఇలాంటి సైట్ల విషయంలో ఆ సలహా పనికిరాకపోవడమే కాదు, మనిషిని ఇంకా లోపలికి తోస్తుందని నా వాదన. ఎందుకంటే ఆ టెస్ట్ మనం పెడతామని వాళ్లకు ముందే తెలుసు. కొందరు మనకంటే ముందే "ఒకసారి విత్‌డ్రా చేసి చూడు, నీకే నమ్మకం కుదురుతుంది" అని వాళ్లే చెబుతారు. మావాడికీ అలాగే చెప్పారట. ఎదుటివాడు పరీక్ష పెట్టమని బతిమాలుతున్నాడంటే ప్రశ్నపత్రం వాడి దగ్గరే ఉందని అనుకోవాలి కదా. లెక్క చూడండి: వంద ఇచ్చారు, ఇరవై వేలు తీసుకున్నారు. రెండు వందలకు ఒకటి. ఏ వ్యాపారంలోనూ ప్రకటనల ఖర్చు ఇంత చవగ్గా తేలదు.

చిన్న మొత్తం రాకపోతే కనీసం అనుమానించడానికి కారణం దొరుకుతుంది. వస్తే మాత్రం ఏమీ తేలదు. ఈ తేడా మనసుకు పట్టడం కష్టం. డబ్బు చేతికొచ్చిన అనుభవం అంత బలమైనది మరి. పెద్ద మొత్తం పెట్టిస్తామన్న ఆశ ఉంటే రెండు మూడు వేలు కూడా తిరిగి ఇస్తారు. అందుకే "ఎంత తీస్తే నమ్మొచ్చు" అనే ప్రశ్నకు జవాబు లేదు.

అయితే ఆ వంద దండగేం కాలేదు. అది వచ్చిందా లేదా అన్నదాన్ని పక్కనపెట్టి, ఎక్కడి నుంచి వచ్చిందో చూద్దామన్నాను.

మావాడి లావాదేవీలన్నీ ట్రాన్ అనే బ్లాక్‌చెయిన్ నెట్‌వర్క్ మీద, అంటే ప్రతి బదిలీ అందరికీ కనబడేలా రాసి ఉండే ఉమ్మడి పుస్తకం మీద జరిగాయి. ఈ నెట్‌వర్క్‌లో ఖాతా నంబర్లలాంటి చిరునామాలు T అక్షరంతో మొదలవుతాయి, మొత్తం 34 అక్షరాలు. ప్రతి బదిలీకీ 64 అక్షరాల గుర్తింపు సంఖ్య ఉంటుంది. దాన్ని tronscan.org లో అతికిస్తే ఎవరి చిరునామా నుంచి ఎవరి చిరునామాకు, ఎంత, ఏ సెకనుకు వెళ్లిందో ఎవరైనా చూడొచ్చు. లాగిన్ అక్కర్లేదు, డబ్బు కట్టక్కర్లేదు. నా దృష్టిలో ఇది ఆడిటర్ బ్యాంకుకు రాసే ఉత్తరంలాంటిది. సైట్ చెప్పేది కాకుండా, సైట్ చేతిలో లేని పుస్తకం చెప్పేది వింటాం.

ముందు ఆ వంద చూశాం. అది పంపిన చిరునామా ఆ ఒక్కరోజే పదుల కొద్దీ వాలెట్లకు డబ్బు పంపింది. 50, 100, 100, 200, మళ్లీ 100. అన్నీ గుండ్రటి చిన్న మొత్తాలు. నిజమైన ఎక్స్‌ఛేంజ్ నుంచి జనం డబ్బు తీసేటప్పుడు ఒకడు 37.5 తీస్తాడు, ఇంకొకడు పన్నెండు వేల చిల్లర తీస్తాడు. ఇక్కడ పెద్ద మొత్తం అన్నదే లేదు. ఎర ముక్కలు పంచడానికి పెట్టుకున్న జేబు అది.

తర్వాత మావాడి 15,000 వెంట వెళ్లాం. అది చేరిన చిరునామాలో తొమ్మిది నిమిషాలు ఉంది. అక్కడి నుంచి మొత్తం ఇంకో చిరునామాకు వెళ్లింది, అక్కడ మరికొందరి డబ్బుతో కలిసి, రెండుగా చీలి ముందుకు పోయింది.

ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి, ఎందుకంటే సగం తెలిసినవాళ్లు ఇక్కడే తప్పు చేస్తారు. డిపాజిట్ వచ్చిన వెంటనే వేరే చిరునామాకు వెళ్లిపోవడం ఒక్కటే మోసానికి గుర్తు కాదు. నిజమైన ఎక్స్‌ఛేంజ్‌లు కూడా మనం వేసింది ఊడ్చి ఒక పెద్ద వాలెట్‌లోకి చేరుస్తాయి. అలాగే మన ట్రేడింగ్ లాభనష్టాలు బ్లాక్‌చెయిన్ మీద కనబడకపోవడం కూడా గుర్తు కాదు. అసలు ఎక్స్‌ఛేంజ్‌లోనూ అవి లోపలి పుస్తకంలోనే ఉంటాయి. తేడా ఆ పెద్ద వాలెట్ దగ్గర తెలుస్తుంది. నిజమైన సంస్థదైతే అందులోంచి రకరకాల మొత్తాలు వేలమందికి నిత్యం బయటికి పోతూనే ఉంటాయి. ప్రముఖ సంస్థల వాలెట్లకైతే ట్రాన్‌స్కాన్‌లో పేరు కూడా కనబడుతుంది. మావాడి డబ్బు నడిచిన దారిలో వచ్చేవాళ్లే ఉన్నారు, తిరిగి తీసుకునేవాళ్లు లేరు.

ఇంకో సంగతి. మూడుసార్లు డిపాజిట్ చేస్తే మూడుసార్లూ చిరునామా వేరు. అది కూడా ఖాతా పేజీలో కనబడింది కాదు, కస్టమర్ సర్వీస్ వాళ్లు చాట్‌లో పంపింది. "సిస్టమ్ అప్‌గ్రేడ్ అవుతోంది సర్, ఈసారి దీనికి పంపండి" అన్నారట. డిపాజిట్ చిరునామాను మనిషి చాట్‌లో చెప్పాల్సి వస్తే అక్కడే ఆగిపోవాలని నేనంటాను. చిరునామా ఎందుకు మార్చారో అడిగి, వచ్చిన జవాబు బాగుందా లేదా అని బేరీజు వేసే పని కూడా పెట్టుకోవద్దు.

ఇదంతా చూశాక మావాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "మరి ఇంత లాభం ఎందుకు చూపించినట్టు? ఇరవై వేలు తీసుకున్నాక అక్కడితో మాయమైపోవచ్చు కదా?"

మంచి ప్రశ్న. లాభం ఎర అని అందరూ అనుకుంటారు. మొదట్లో అది ఎరే. 500 కాస్తా 640 అయినప్పుడు అది ఎర. కానీ ఇరవై వేలు పడిపోయి, ఇక మావాడి దగ్గర పొదుపు లేదని వాళ్లకు తెలిశాక కూడా అంకె ఎందుకు పెరిగింది? చివరి పదిరోజుల్లోనే అది యాభై వేల దగ్గర్నుంచి తొంభై నాలుగు వేలకు ఎగిరింది. ఆ పదిరోజుల్లో ఎవరూ కొత్తగా డబ్బు వేయమనలేదు కూడా. నేను అర్థం చేసుకున్నది ఇదీ: ఆ దశలో లాభం ఒక బిల్లుకు ఆధారం. పన్ను లాభంలో 20 శాతం అన్నప్పుడు, లాభం ఎంత పెద్దదైతే పన్ను అంత పెద్దది. లాభం రెండు వేలే చూపిస్తే నాలుగు వందలు మాత్రమే అడగగలరు. 74,400 చూపించారు కాబట్టి 14,880 అడగగలిగారు. పైగా తొంభై నాలుగు వేలు చేతికొస్తాయనుకునేవాడికి పద్నాలుగు వేలు పెద్దగా అనిపించదు. తన సొంత డబ్బు ఇరవై వేలే పోయిందని తెలిసినవాడైతే ఇంకో పద్నాలుగు వేలు అప్పుచేసి పోస్తాడా?

అంటే మావాడు ఆ అంకె పెరిగినప్పుడల్లా సంబరపడ్డాడు గానీ, ప్రతిరోజూ పెరిగింది తన మీద వేయబోయే బిల్లే.

అంకె ఎలా పెంచారో కూడా చూద్దాం, ఎందుకంటే అక్కడ ఒక గుర్తు దొరుకుతుంది. మావాడు ఆడింది అరవై సెకన్ల కాంట్రాక్టులు. ధర పైకి వెళుతుందో కిందికి వెళుతుందో చెప్పి పందెం కాయడం, నిమిషం తర్వాత గెలుపో ఓటమో తేలడం. ఇలాంటి సైట్లు చాలావరకు తయారుగా అమ్మే సాఫ్ట్‌వేర్ మీదే నడుస్తాయి. వెనక అడ్మిన్ పేజీలో ఫలానా ఖాతాదారు గెలవాలా ఓడాలా అని ఎంచుకోవచ్చు, చార్టును కూడా ఆ నిమిషానికి జరపొచ్చు. మావాడు బాగా గెలిచిన ఒక ట్రేడ్ టైమ్ చూసుకుని, అదే నిమిషంలో అదే నాణెం ధర రెండు పేరున్న ఎక్స్‌ఛేంజ్‌ల చార్టుల్లో తీశాం. చార్టును నిమిషం నిమిషానికి ధర చూపేలా పెట్టి, టైమ్‌జోన్ సరిచూసుకుని. ఆ రెండుచోట్లా ధర బల్లపరుపుగా ఉంది. మావాడి సైట్‌లో మాత్రం మూడు శాతం ఎగిరి, నిమిషం పూర్తికాగానే కిందికి దిగింది. ఎక్స్‌ఛేంజ్‌ల మధ్య ధరలో కొద్దిపాటి తేడా మామూలే. కానీ లోకంలో ఎక్కడా జరగని మూడు శాతం కదలిక ఒకే సైట్‌లో జరిగిందంటే దాన్ని ధర అనకూడదు, బొమ్మ అనాలి. ఈ పరీక్షకు డబ్బు పెట్టక్కర్లేదు. ఐదు నిమిషాల పని.

ఇక ఫీజుల సంగతి. మావాడు పన్ను కట్టడానికి ముందు రోజు రాత్రి చాట్‌లో వాళ్లను అడిగాడట, నా బ్యాలెన్స్‌లోంచి మినహాయించుకోండి అని. నాకు ఆ చాట్ చూపించాడు. జవాబు ఇలా ఉంది: మీ ఖాతా రక్షణ కోసం లాక్ అయి ఉంది సర్, లాక్ అయిన నిధుల్లోంచి కట్ చేయడం కుదరదు, పన్ను బయటినుంచే రావాలి. వినడానికి ఏదో రూల్‌లా ఉంది. కానీ ఆలోచించండి. నా దగ్గర మీ డబ్బు లక్ష ఉంది, అందులో మీరు నాకు పదివేలు బాకీ అనుకుందాం. తొంభై వేలు ఇచ్చేస్తే లెక్క తీరిపోతుంది. ముందు పదివేలు తెచ్చివ్వు, తర్వాత లక్ష ఇస్తా అంటున్నానంటే నా దగ్గర ఆ లక్ష లేదనేగా అర్థం! నిజమైన ఎక్స్‌ఛేంజ్‌లు విత్‌డ్రాయల్ ఫీజును తీసే మొత్తంలోంచో, ఖాతాలో ఉన్న బ్యాలెన్స్‌లోంచో కోసుకుంటాయి. ఇక పన్ను. కొన్ని దేశాల్లో ఎక్స్‌ఛేంజ్‌లే పన్ను కోస్తాయి, అదీ అమ్మిన మొత్తంలోంచే. మిగిలింది మనం ప్రభుత్వానికి రిటర్న్ వేసి కట్టుకుంటాం. పన్నును క్రిప్టో చిరునామాకు పంపితేనే నీ డబ్బు వదులుతామనే పద్ధతి ఎక్కడా లేదు.

ఈ మెట్లకు అంతుండదు. పన్ను కట్టాక రిస్క్ డిపాజిట్. అది కట్టాక మనీ లాండరింగ్ తనిఖీ ఫీజు. అదీ అయ్యాక "మీ క్రెడిట్ స్కోరు 100 నుంచి 80కి పడింది, పాయింటుకు ఇంత కట్టి పెంచుకోండి". వీటన్నిటిలో నాకు బాగా కోపం తెప్పించేది అకౌంట్ నంబర్ నాటకం. మీరు సరిగ్గానే నంబర్ ఇస్తారు, సైట్‌లో ఒక అంకె మారిపోతుంది. "మీరు తప్పు ఖాతా ఇచ్చారు, అనుమానాస్పదమని నిధులు ఫ్రీజ్ అయ్యాయి, విడిపించడానికి ఇంత" అంటారు. బాధితుడు తన పొరపాటే అనుకుని సిగ్గుపడి, ఇంట్లో చెప్పకుండా కడతాడు. ఇంకొందరికైతే విత్‌డ్రాయల్ సక్సెస్ అని చూపించి ఒక 64 అక్షరాల సంఖ్య కూడా ఇస్తారు. దాన్ని ట్రాన్‌స్కాన్‌లో వేస్తే అలాంటి లావాదేవీయే లేదని వస్తుంది. నెట్‌వర్క్ బిజీగా ఉందంటారు. ట్రాన్‌లో బదిలీ నిమిషాల్లో తేలిపోతుంది, రోజుల తరబడి గాలిలో ఉండదు.

మావాడికి చదువు లేదా, తెలివి లేదా అనుకునేవాళ్ల కోసం ఒక సంగతి. అమెరికాలో కాన్సాస్ రాష్ట్రంలో ఎల్కార్ట్ అనే చిన్న ఊళ్లో హార్ట్‌లాండ్ ట్రై-స్టేట్ బ్యాంక్ ఉండేది. దాని సీఈఓ షాన్ హేన్స్ ఇలాంటి క్రిప్టో మోసంలోనే పడ్డాడు. తన డబ్బు పోయాక 2023 మే, జులై మధ్య బ్యాంకు సొమ్ము 4 కోట్ల 71 లక్షల డాలర్లు వైర్ ద్వారా పంపించేశాడు. ఆ జులైలోనే బ్యాంకు మూతపడింది. 2024 ఆగస్టులో అతనికి 24 ఏళ్లకు పైగా జైలుశిక్ష పడింది. అతను చేసింది నేరమే, అందులో నాకు జాలి లేదు. కానీ నన్ను ఆపేసిన వివరం వేరే ఉంది. అంతా అయిపోతున్న దశలో అతను తెలిసిన ఒక ధనవంతుడి దగ్గరికెళ్లి 1 కోటి 20 లక్షల డాలర్లు అప్పు అడిగాడు. ఎందుకంటే తన క్రిప్టో డబ్బు ఇరుక్కుపోయింది, ఇంకొంచెం పంపితే బయటికొస్తుందని. ఆయన ఇది మోసమని చెప్పి ఇవ్వనన్నాడు. సున్నాలు తీసేస్తే మా బావమరిది నాతో అన్న మాటే అది. బ్యాంకు నడిపిన మనిషి, రోజూ ఇతరుల బ్యాలెన్స్‌లు చూసిన మనిషి, ఆ వాక్యంలో ఉన్న అసంబద్ధతను పట్టుకోలేకపోయాడు. లోపల ఉన్నవాడికి అది కనబడదు, పక్కనున్నవాడికి వెంటనే వినబడుతుంది. ఎఫ్‌బీఐ 2024 జనవరిలో ఒక ఆపరేషన్ మొదలుపెట్టి, ఇలాంటి మోసాల్లో ఇరుక్కున్నవాళ్లకు తానే ఫోన్ చేసి చెప్పడం మొదలుపెట్టింది. అలా ఫోన్ అందుకున్నవాళ్లలో దాదాపు నాలుగింట మూడు వంతుల మందికి అప్పటిదాకా తాము మోసపోతున్నామనే తెలియదు.

న్యాయంగా రెండోవైపు కూడా చెప్పాలి. అసలు ఎక్స్‌ఛేంజ్‌లు కూడా డబ్బు ఆపుతాయి. పాస్‌వర్డ్ మార్చుకుంటే ఒకటి రెండు రోజులు విత్‌డ్రాయల్ ఆపడం మామూలు. పెద్ద మొత్తం వస్తే ఎక్కడి నుంచి వచ్చిందో కాగితాలు అడుగుతారు, వారాలు తిప్పించుకుంటారు కూడా. 2022 నవంబర్‌లో ఎఫ్‌టీఎక్స్ అనే పెద్ద క్రిప్టో ఎక్స్‌ఛేంజ్ కూలినట్టు పేరున్న సంస్థే చేతులెత్తేయొచ్చు, అప్పుడు దివాలా కోర్టులో వరుసలో నిలబడాలి. కొన్నిచోట్ల మీ వాలెట్ మీదేనని నిరూపించుకోవడానికి దానిలోంచి నామమాత్రపు మొత్తం పంపమంటారు, అది మీ ఖాతాలోనే జమ అవుతుంది. వీటన్నిటిలో వాళ్లు అడిగేది కాగితం, లేదా సమయం. బ్యాలెన్స్‌లో ఇంత శాతం అని కొత్త డబ్బు అడగరు. కాబట్టి "విత్‌డ్రాయల్ ఆగింది" అన్న ఒక్కదాంతో మోసమని తేల్చేయకూడదు. ఆగినప్పుడు ఏం అడిగారన్నది చూడాలి.

లైసెన్సులు, సైట్ వయసు లాంటివి చాలామంది ముందు చూస్తారు. నేను వాటికి తక్కువ మార్కులు వేస్తాను. వెబ్‌సైట్ పేర్లు ఎప్పుడు రిజిస్టర్ అయ్యాయో చూపే lookup.icann.org లో చూస్తే మావాడి సైట్ డొమైన్ పుట్టి అప్పటికి మూడు నెలలు కూడా కాలేదు, సైట్‌లో మాత్రం 2018 నుంచి ఉన్నామని రాసుకున్నారు. అలా దొరికితే మంచిదే. దొరక్కపోతే నమ్మొచ్చని కాదు, పాత డొమైన్లు కొనుక్కోవచ్చు. అమెరికాలో ఆర్థిక నేరాల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ ఫిన్‌సెన్ దగ్గర, డబ్బు బదిలీ వ్యాపారాలు చేయించుకునే ఎంఎస్‌బీ రిజిస్ట్రేషన్ ఉందని సర్టిఫికెట్ కూడా పెట్టారు. ఆ జాబితాలో పేరుండటం సంస్థ మంచిదని ధ్రువీకరించినట్టు కాదని ఫిన్‌సెనే స్పష్టంగా చెబుతుంది. ఫారం నింపితే వచ్చేదాన్ని లైసెన్స్‌లా ఫ్రేము కట్టి చూపించడం వీళ్లకు అలవాటు.

ఆ సాయంత్రం ఇంకా ఒక ప్రయోగం మిగిలింది. నా మనసులో సందేహం లేదు గానీ, మావాడి మనసులో ఇంకా ఒక మూల ఆశ ఉంది. 9,430 కట్టేస్తే వస్తుందేమోనని. అది పోవాలంటే వాళ్ల నోటితోనే వినాలి. అందుకని చాట్‌లో ఇలా రాయించాను: "లాభం నాకొద్దు. 74,400 మొత్తం మీరే ఉంచుకోండి. నేను వేసిన అసలులోంచి సగం, పదివేలు మాత్రం పంపండి. ఖాతా మూసేస్తాను."

నిజంగా ఆ డబ్బు వాళ్ల దగ్గర ఉంటే ఇంతకంటే మంచి బేరం ఎవరికైనా దొరుకుతుందా? తొంభై నాలుగు వేల బాకీ పదివేలతో తీరిపోతోంది. ఏ కంపెనీ అయినా ఎగిరి గంతేసి సంతకం పెట్టించుకుంటుంది. జవాబు రెండు నిమిషాల్లో వచ్చింది. కుదరదు సర్, రూల్స్ ఒప్పుకోవు, రిస్క్ డిపాజిట్ కట్టాల్సిందే, 24 గంటలు దాటితే రోజుకు ఒక శాతం జరిమానా.

మావాడు ల్యాప్‌టాప్ మూసేశాడు. మళ్లీ తెరిపించాను, ఎందుకంటే పని ఇంకా ఉంది. సైట్‌లో ఉన్న ప్రతి పేజీ, చాట్ మొత్తం స్క్రీన్‌షాట్లు తీశాం. వాళ్లకు అనుమానం వస్తే ఖాతా మూసేస్తారు కాబట్టి ఏమీ అనకుండా ముందు ఇది చేసుకోవాలి. నాలుగు బదిలీల 64 అక్షరాల సంఖ్యలు, చేరిన చిరునామాలు, తేదీ, సమయం ఒక కాగితం మీద వరుసగా రాసి ఆ రాత్రే సైబర్ పోలీసులకు ఫిర్యాదు పెట్టాం. ఈ వివరాలు లేకుండా "ఫలానా సైట్ మోసం చేసింది" అని రాస్తే ఎవరూ ఏమీ చేయలేరు, సైట్ రేపు ఇంకో పేరుతో ఉంటుంది. చిరునామాలుంటే ఒక దారి ఉంది. టెథర్ కంపెనీ తన నాణేలు ఏ చిరునామాలో ఉన్నా వాటిని కదలకుండా ఆపగలదు, పోలీసులు, దర్యాప్తు సంస్థలు అడిగితే ఆపుతుంది కూడా. 2023 నవంబర్‌లో ఇలాంటి మోసాలతో ముడిపడ్డ సుమారు 22 కోట్ల 50 లక్షల డాలర్ల యూఎస్‌డీటీని అలా ఆపింది. కానీ డబ్బు ఇంకా యూఎస్‌డీటీగా ఉండి, అది ఏ చిరునామాలో ఉందో తెలిసినంతకాలమే ఈ దారి. నెలన్నర క్రితం పోయిన 4,500 మీద నాకు ఆశ లేదు. వారం క్రితం కట్టిన 14,880 మీద కాస్త ఉంది. ఆ సంగతి మావాడికి అలాగే చెప్పాను.

ఇంకోటి కూడా ముందే చెప్పి పెట్టాను. కొన్ని రోజుల్లో "మీ పోయిన క్రిప్టోను తిరిగి తెప్పిస్తాం" అని ఎవరో మెసేజ్ చేస్తారు, మొదట కొంత ఫీజు అడుగుతారు అని. పదకొండో రోజున వచ్చింది. మావాడి పేరు, ఎంత పోయిందో కూడా వాళ్లకు తెలుసు.

ఆ సైట్ వాళ్లు మాత్రం వదల్లేదు. మేం కట్టకుండా ఊరుకున్న మూడోరోజు చాట్‌లో మెసేజ్ వచ్చింది: మేనేజర్‌తో మాట్లాడాం సర్, మీ కోసం డిపాజిట్ 9,430 నుంచి 5,000కు తగ్గించాం. ఇంకో రెండు రోజులకు, మిగతాది మేమే భరిస్తాం, మీరు 1,500 కడితే చాలు. రోజుకు ఒక శాతం జరిమానా ఏమైందో ఎవరూ చెప్పలేదు. మావాడు ఆ మెసేజ్ నాకు ఫార్వర్డ్ చేస్తూ కింద ఒక్క ముక్క రాశాడు: "బావా, ఇప్పుడు బ్యాలెన్స్ లక్షా రెండు వేలు చూపిస్తోంది."